క్యాబేజీకి ఒక లెక్క, సజ్జకు ఇంకో లెక్క

క్యాబేజీ మీద ఈ నింద ఒక కుందేళ్ల గదిలో పుట్టింది. అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ వైద్య పరిశోధకులు ఆలన్ చెస్నీ, ఆయన సహచరులు వేరే ఏదో జబ్బు మీద పరిశోధన కోసం కుందేళ్లను పెంచుతున్నారు. వాటికి రోజూ వేసే మేతలో ఎక్కువ భాగం క్యాబేజీ ఆకులే. కొన్ని నెలలు గడిచాక చూస్తే చాలా కుందేళ్ల మెడలో థైరాయిడ్ గ్రంథి బాగా ఉబ్బి ఉంది. 1928లో ఈ సంగతి అచ్చయింది. ఆ వెంటనే చేసిన ప్రయోగాల్లో ఇంకో విషయం కూడా తేలింది: క్యాబేజీ మేతతో పాటు కాస్త అయోడిన్ ఇస్తే ఆ వాపు రాకుండా ఆగింది. మొదటి సగం లోకమంతా పాకింది. రెండో సగం ఎవరికీ గుర్తులేదు.

ఇవాళ మన ఊళ్లలో థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని రిపోర్టు రాగానే ఇంట్లో ముందు ఆగిపోయేది క్యాబేజీ కూర. తరవాత కాలీఫ్లవర్. ఈ మధ్య ఆ జాబితాలోకి సిరిధాన్యాలూ చేరాయి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక రాగి, కొర్ర, సజ్జ ప్రతి ఇంటి వంటగదిలోకి వచ్చాయి. వాటితో పాటే భయమూ వచ్చింది. మన దేశంలో ఎనిమిది నగరాల్లో పెద్దల మీద జరిపిన ఒక సర్వే 2013లో వెలువడింది. అందులో హైదరాబాద్ కూడా ఉంది. నూటికి సుమారు 11 మందిలో థైరాయిడ్ మందగించి ఉందని ఆ సర్వేలో తేలింది. అంటే ఈ ప్రశ్న దాదాపు ప్రతి వీధిలోనూ ఉంది. దానికి నేను చెప్పదలచుకున్న జవాబు ఇది: క్యాబేజీకీ సజ్జకూ ఒకే నియమం పనికిరాదు. ఒకదాన్ని పొయ్యి మీద పెడితే దాని దోషం చాలావరకు విరుగుతుంది. రెండోదాన్ని ఎంత ఉడికించినా విరగదు. అయితే ఈ రెండింటి విషయంలోనూ తీర్పు చెప్పేది మీ ఉప్పు డబ్బా.

థైరాయిడ్ పనిని అడ్డుకునే పదార్థాలను గాయిట్రోజెన్లు అంటారు. గాయిటర్ అంటే మెడ ముందు భాగంలో వచ్చే గ్రంథి వాపు. మన పెద్దలు గళగండం అన్నది దాన్నే. థైరాయిడ్ గ్రంథి చేసే పని రెండు మెట్లలో జరుగుతుంది. మొదట రక్తంలో తిరిగే అయోడిన్‌ను లోపలికి లాక్కుంటుంది. తరవాత పెరాక్సిడేజ్ అనే ఎంజైము సాయంతో ఆ అయోడిన్‌ను ఒక ప్రోటీన్‌కు తగిలించి హార్మోన్ తయారుచేస్తుంది. గాయిట్రోజెన్లు ఈ రెండు మెట్లలో ఏదో ఒకచోట అడ్డుపడతాయి.

క్యాబేజీ కుటుంబంలో క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, ముల్లంగి, టర్నిప్, ఆవాలు ఉన్నాయి. వీటన్నిటిలోనూ గ్లూకోసినోలేట్లు అనే గంధకపు పదార్థాలు ఉంటాయి. అవి ఉన్నచోట ఉన్నంతసేపు ఏమీ చేయవు. ఆకు కణంలో మరో గదిలో మైరోసినేజ్ అనే ఎంజైము దాక్కుని ఉంటుంది. కత్తి పడినా, పళ్ల కింద నలిగినా ఆ గదులు పగిలి రెండూ కలుస్తాయి. క్యాబేజీ తరిగేటప్పుడు ముక్కుకు తగిలే ఆ ఘాటు ఈ కలయికదే. అప్పుడు పుట్టే వాటిలో మనకు కావలసినవి రెండు. ఒకటి థయోసయనేట్. అది గ్రంథి గుమ్మం దగ్గరే అయోడిన్‌తో పోటీపడుతుంది. రద్దీ బస్సు ఎక్కేచోట తోపులాట లాంటిది ఇది. అయోడిన్ తరఫున మనుషులు ఎక్కువమంది ఉంటే అదే గెలుస్తుంది. రెండోది గాయిట్రిన్. ఇది లోపలికి వెళ్లి పెరాక్సిడేజ్ పనినే ఆపుతుంది. దీన్ని 1949లో టర్నిప్ జాతి దుంపల నుంచి విడదీసి గుర్తించారు. దీని మీద మాత్రం అయోడిన్‌కు అంత బలం లేదు. అందుకే డాక్టర్లకు అసలు అనుమానం గాయిట్రిన్ మీద.

మరి ఎంత గాయిట్రిన్ లోపలికి పోతే మనిషికి తేడా చేస్తుంది? మనుషులకు శుద్ధమైన గాయిట్రిన్ ఇచ్చి చూసిన పాత ప్రయోగాల్లో 25 మిల్లీగ్రాములు ఒకేసారి ఇస్తే గ్రంథి అయోడిన్‌ను లాక్కునే వేగం తగ్గింది. 10 మిల్లీగ్రాముల దగ్గర ఆ మార్పు కనిపించలేదు. ఈ కుటుంబంలో కూరగాయకూ కూరగాయకూ, రకానికీ రకానికీ గాయిట్రిన్ మోతాదు చాలా మారుతుంది. బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ అనే బుల్లి క్యాబేజీల్లోనూ, కొన్ని రకాల కేల్ ఆకుల్లోనూ ఎక్కువ. మనం మార్కెట్లో కొనే బ్రోకలీలో బాగా తక్కువ.

ఇక్కడ పొయ్యి మనకు రెండు రకాలుగా సాయం చేస్తుంది. మొదటిది, వేడికి మైరోసినేజ్ చచ్చిపోతుంది. అది లేకపోతే గ్లూకోసినోలేట్లు గాయిట్రిన్‌గా మారే దారి చాలావరకు మూసుకుపోతుంది. పూర్తిగా మూసుకుపోదు, ఎందుకంటే మన పెద్దపేగులోని సూక్ష్మజీవులు కొంత పని చేసిపెడతాయి. అయితే ఆ కొంత, పచ్చిగా తిన్నప్పటి కంటే బాగా తక్కువ. రెండోది నీళ్లు. ఇంగ్లండ్‌లో వార్విక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో కూరగాయలను రకరకాలుగా వండి కొలిచారు. 30 నిమిషాలు నీళ్లలో ఉడికిస్తే క్యాబేజీలోని గ్లూకోసినోలేట్లు 65 శాతం, కాలీఫ్లవర్‌లో 75 శాతం పోయాయి. అవి నశించలేదు. ఉడికించిన నీళ్లలోకి దిగాయి. ఆవిరి మీద ఉడికించినప్పుడు, మైక్రోవేవ్‌లో పెట్టినప్పుడు, నూనెలో కొద్ది నిమిషాలు వేయించినప్పుడు చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. ముక్కలు సన్నగా తరిగి అలాగే గంటల తరబడి వదిలేస్తే మాత్రం అవి బాగా తగ్గాయి. కానీ అది తగ్గడం కాదు, మారిపోవడం. ఎంజైము తన పని తాను చేసుకుపోయిందన్న మాట. అందుకని పొద్దున్నే తరిగి పెట్టుకున్న క్యాబేజీని పచ్చిగానే సలాడ్‌లో వేసుకోవడం కంటే, తరిగిన వెంటనే పొయ్యి ఎక్కించడం మంచిది.

ఇప్పుడు మన వంటలు చూడండి. క్యాబేజీ పెసరపప్పు కూరలో ముక్కలు నీళ్లలో మెత్తగా ఉడికి, చాలా ఇళ్లలో ఆ నీళ్లు వార్చి, తరవాత తాలింపులోకి వెళ్తాయి. ఎంజైమూ పోయింది, గ్లూకోసినోలేట్లలో పెద్ద భాగమూ నీళ్లతో పోయింది. కాలీఫ్లవర్ అయితే పురుగుల భయంతో ముందే వేడి ఉప్పునీళ్లలో వేసి ఆ నీళ్లు పారబోస్తాం. పురుగుల కోసం చేసిన పని గాయిట్రోజెన్లకూ కొంత పనికొస్తోంది. వేపుడులో నీళ్ల సాయం ఉండదు గాని వేడి సాయం ఉంటుంది. చాలామంది వార్చిన నీళ్లతో సూప్ కాచుకుంటారు. అప్పుడు మాత్రం దిగినవి తిరిగి కడుపులోకే వస్తాయి. నీళ్లు వార్చి పారబోస్తే విటమిన్ సి, ఫోలేట్ కూడా పోతాయి. అందుకని అయోడైజ్డ్ ఉప్పు వాడే ఇంట్లో నీళ్లు తప్పనిసరిగా పారబోయాలని నేను అనను. ఉడికితే చాలు. ఆవకాయలో ఆవపిండి సంగతి అడిగేవాళ్లూ ఉన్నారు. ముద్దకు అంటుకునే ఆ చిటికెడు పిండితో థైరాయిడ్‌కు వచ్చే ముప్పేమీ లేదు.

1986లో ఇంగ్లండ్‌లోనే ఇంకో ప్రయోగం జరిగింది. గాయిట్రిన్ ఎక్కువగా పుట్టగల బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌నే ఎంచుకుని, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రోజుకు 150 గ్రాములు, ఉడికించి, నాలుగు వారాలు పెట్టారు. థైరాయిడ్ హార్మోన్లలోనూ టీఎస్‌హెచ్‌లోనూ మార్పు రాలేదు. ఉడికిన వాటిలో గాయిట్రిన్ పుట్టడం దాదాపు ఆగిపోయింది. నలుగురి ఇంట్లో ఒక ముప్పావు కిలో క్యాబేజీతో కూర చేస్తే మనిషికి వచ్చేది కూడా ఇంచుమించు ఇంతే. పైగా మనం రోజూ తినం కదా.

దీనికి పూర్తి విరుద్ధమైన కేసు 2010లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. న్యూయార్క్‌లో 88 ఏళ్ల చైనా మూలాలున్న ఒక పెద్దావిడ. మధుమేహం తగ్గుతుందన్న నమ్మకంతో కొన్ని నెలల పాటు రోజుకు కిలో నుంచి కిలోన్నర దాకా బాక్ చాయ్ ఆకులు తిన్నది. అది క్యాబేజీ కుటుంబపు ఆకుకూర. అంతా పచ్చిగానే. చివరికి నడవలేక, మగతలో మునిగి ఆసుపత్రికి చేరింది. థైరాయిడ్ దాదాపు పూర్తిగా పడిపోయిన ప్రాణాంతక స్థితి అని డాక్టర్లు గుర్తించారు. ఈ కేసును చూపించి క్యాబేజీ కూర మానమనడం సరికాదు. ఇది చెప్పేది వేరు: పచ్చిగా, కిలోల లెక్కన, రోజూ, నెలల తరబడి అన్న నాలుగూ కలిశాయి. మన దగ్గర ఈ నాలుగింటికీ దగ్గరగా వచ్చేది పొద్దున్నే గ్లాసుల కొద్దీ తాగే పచ్చి క్యాబేజీ రసం, కేల్ ఆకుల స్మూతీ. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఆ స్మూతీ అలవాటు బాగా ఉంది. థైరాయిడ్ మందగించినవాళ్లు మానుకోవలసిందేమైనా ఉంటే అది ఆ రసమే.

సజ్జ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. సూడాన్ దేశంలో పశ్చిమాన డార్ఫుర్ అనే మెట్ట ప్రాంతం ఉంది. అక్కడ ప్రధాన ఆహారం సజ్జ. పూటపూటకూ అదే. ఆ ప్రాంతంలో గళగండం చాలా ఎక్కువ. అయోడిన్ కొరత ఉన్నమాట నిజమే. కానీ కొరత ఒక్కటే దీనికి కారణమా అని 1980ల్లో పరిశోధకులకు అనుమానం వచ్చింది. ఎడ్వర్డో గైటాన్ బృందం 1989లో ప్రచురించిన పరిశోధనలో దోషి దొరికింది. సజ్జలో ఫ్లేవోన్లు అనే పదార్థాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి విటెక్సిన్, దాని బంధువులు. అవి గాయిట్రిన్ లాగానే పెరాక్సిడేజ్ ఎంజైమును అడ్డుకుంటాయి. సజ్జపిండికి ఆ బూడిదరంగు రావడంలోనూ ఈ పదార్థాలకు పాత్ర ఉంది.

వీటికి మైరోసినేజ్ లాంటి తోడు అక్కరలేదు. గింజలో ఉన్న రూపంలోనే పనిచేస్తాయి. అందువల్ల వేడితో చంపడానికి ఎంజైము లేదు. ఆ పదార్థాల నిర్మాణం కూడా వేడికి తట్టుకునేదే. రొట్టె కాల్చినా, జావ కాచినా, సంకటి వండినా అవి నిలిచే ఉంటాయి. పులియబెడితే అన్నీ తేలికవుతాయని మన నమ్మకం. ఇతర పోషకాల విషయంలో అది చాలావరకు నిజం కూడా. కానీ సూడాన్ సజ్జల మీద ఎలుకలతో జరిపి 2000లో ప్రచురించిన ఒక పరిశోధనలో, సంప్రదాయ పద్ధతిలో పులియబెట్టిన సజ్జ థైరాయిడ్ మీద మరింత ప్రభావం చూపింది. అది ఎలుకల్లో, సజ్జతో, డార్ఫుర్ పద్ధతిలో. మన రాగి అంబలికి దాన్ని అంటగట్టకూడదు. కానీ "పులిస్తే సజ్జ దోషం పోతుంది" అన్న మాటను మాత్రం అది నిలబడనివ్వదు.

సజ్జలో ఆ ఫ్లేవోన్లను నిజంగా తగ్గించేది దంచడం, చెరగడం. అవి గింజ పై పొరల్లో, అంటే తవుడులో ఎక్కువగా ఉంటాయి. పాతకాలంలో సజ్జలు కాస్త తడిపి రోట్లో దంచి, పొట్టు చెరిగి, తరవాతే అన్నమో సంకటో వండేవాళ్లు. ఇప్పుడు మరకు వేసి, తవుడుతో సహా పిండి పట్టించి రొట్టె చేస్తున్నాం. పీచుకూ ఇనుముకూ అదే మంచిది. థైరాయిడ్ లెక్కలో మాత్రం పాత పద్ధతికే మార్కులు పడతాయి. రోజూ సజ్జ తినే ఇంట్లో థైరాయిడ్ మందగించినవాళ్లు ఉంటే పొట్టు కొంత తీసిన పిండి వాడుకోవడం తెలివైన మధ్యేమార్గం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు సజ్జ మీద తేలినదాన్ని అన్ని చిరుధాన్యాలకూ పూయడం. గళగండంతో ముడిపడిన పరిశోధన ప్రధానంగా సజ్జ మీదే జరిగింది. పశ్చిమ ఆఫ్రికాలో తినే ఫోనియో అనే చిన్న గింజ మీద కొంత జరిగింది. రాగులు, కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు గళగండం తెస్తాయని చెప్పడానికి ఆ స్థాయి ఆధారం లేదు. రాయలసీమలో తరతరాలుగా తిన్న రాగిసంకటిని డార్ఫుర్ సజ్జతో ఒకే గాటన కట్టడం అన్యాయం. సజ్జలోనూ డార్ఫుర్‌లో జరిగిందేమిటో మరిచిపోకూడదు: సజ్జ తిండిలో ప్రధాన భాగం, అయోడిన్ బహు తక్కువ. రెండూ కలిశాయి.

ఈ అయోడిన్ కథలో మన మనిషి ఒకాయన ఉన్నారు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ ఉలిమిరి రామలింగస్వామి. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఇంటింటా గళగండం కనిపించే రోజుల్లో, 1956లో ఆయన బృందం అక్కడ అధ్యయనం మొదలుపెట్టింది. లోయను భాగాలుగా విడదీసి, కొన్నిచోట్ల అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకచోట మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్న చోట్ల పిల్లల్లో గళగండం గణనీయంగా తగ్గింది. 1962లో దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలవడానికి ఆ అనుభవం పునాది వేసింది. మనం వాడే అయోడైజ్డ్ ఉప్పు ప్యాకెట్ వెనక ఆ లోయ ఉంది. ఆ లోయలో తిండి మార్చలేదు. ఉప్పు మార్చారు.

మీ ఇంట్లో అయోడిన్ సరిపోతోందో లేదో లెక్క వేసుకోవడం కష్టం కాదు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు కావాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 250. మన దేశ నిబంధన ప్రకారం కొనేవాళ్ల చేతికి వచ్చేసరికి ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. తయారయ్యే చోట 30. ఒక గ్రాము ఉప్పులో కనీసం 15 మైక్రోగ్రాములు అన్నమాట. నలుగురున్న ఇంట్లో నెలకు ఒక కిలో ఉప్పు అయితే మనిషికి రోజుకు 8 గ్రాములు చిల్లర. ప్యాకెట్‌లో కనీస మోతాదే ఉన్నా 120 మైక్రోగ్రాముల పైచిలుకు వస్తుంది. వంటలో కొంత పోయినా, పాలు, గుడ్లు, చేపలు మిగతాది పూడుస్తాయి. రక్తపోటు వల్ల ఉప్పు 5 గ్రాములకు తగ్గించినవాళ్లకు ఉప్పు ద్వారా వచ్చేది 75 దాకా పడిపోవచ్చు. అలాంటివాళ్లు ఉప్పును దించే ముందు వేయాలి, డబ్బాను మూత గట్టిగా పెట్టి తేమ తగలకుండా ఉంచాలి. ఆరోగ్యమని సైంధవ లవణానికో హిమాలయన్ పింక్ ఉప్పుకో మారినవాళ్లకు ఉప్పు ద్వారా వచ్చే అయోడిన్ దాదాపు సున్నా. ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప వాటిలో చెప్పుకోదగ్గ అయోడిన్ ఉండదు. నన్ను నిజంగా కలవరపెట్టే కలయిక ఇదే. ఆరోగ్యం కోసం పూటపూటకూ సజ్జ రొట్టెకు మారి, అదే ఆరోగ్యం కోసం పింక్ ఉప్పుకూ మారిన ఇల్లు. తెలియకుండానే ఒక చిన్న డార్ఫుర్‌ను వంటగదిలో నిర్మించుకున్నట్టు.

మన దేశంలో అయోడైజ్డ్ ఉప్పు వాడే పెద్దల్లో థైరాయిడ్ మందగించడానికి ముఖ్య కారణం ఇప్పుడు అయోడిన్ కొరత కాదు. శరీరపు రక్షణ వ్యవస్థే గ్రంథి మీద దాడి చేసే హషిమోటో జబ్బు. నేను మొదట చెప్పిన ఎనిమిది నగరాల సర్వేలో ఆ దాడికి గుర్తయిన యాంటీబాడీలు ఐదుగురిలో ఒకరికి పైగా కనిపించాయి. క్యాబేజీ మానినంత మాత్రాన ఆ దాడి ఆగదు. అలాగని రోజూ అదనంగా అయోడిన్ చుక్కలో, సముద్రపు నాచు మాత్రలో మింగితే కొందరిలో హషిమోటో ఇంకా ముదరవచ్చు. ఉప్పులో వచ్చేది చాలు.

రోజూ లెవోథైరాక్సిన్ మాత్ర వేసుకునేవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి ఉంది. గాయిట్రోజెన్లు అడ్డుకునేది గ్రంథి హార్మోన్ తయారుచేయడాన్ని. మాత్ర ఇచ్చేది తయారైన హార్మోన్‌నే. గ్రంథిని ఆపరేషన్‌తో తీసేసినవాళ్లకు, పూర్తి మోతాదు మాత్ర మీద ఉన్నవాళ్లకు, ఆపడానికి అక్కడ తయారీయే లేదు. వాళ్లు క్యాబేజీ మానడంలో అర్థం లేదు. ఇంకా మాత్ర మొదలుపెట్టని, టీఎస్‌హెచ్ కాస్త పెరిగిన దశలో ఉన్నవాళ్లకే గాయిట్రోజెన్ల ప్రశ్న ఎక్కువగా వర్తిస్తుంది. ఎందుకంటే వాళ్ల గ్రంథి ఇంకా తన శక్తి మేరకు పనిచేస్తోంది.

మాత్ర వేసుకునేవాళ్లను చిరుధాన్యాలు వేరే దారిలో ఇబ్బంది పెట్టవచ్చు. అది గ్రంథిలో కాదు, పేగులో. ఇలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. నలభై ఐదేళ్ల ఇల్లాలు, వరంగల్‌లో ఉంటుంది. రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర. రెండేళ్లుగా టీఎస్‌హెచ్ 3 దగ్గర నిలకడగా ఉంది. ఈసారి 8.6 వచ్చింది. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఎప్పుడో మానేసింది. "అన్నీ మానేసినా ఎందుకు పెరిగిందండీ?" అని అడుగుతుంది. ఆమె రోజును పరిశీలిస్తే జవాబు దొరుకుతుంది. ఆరు నెలలుగా పొద్దున్నే మాత్ర మింగి, పది నిమిషాల్లో పెద్ద గ్లాసుడు రాగిజావ పాలు కలిపి తాగుతోంది. ఆ వెంటనే, మోకాళ్ల నొప్పికి డాక్టర్ రాసిన కాల్షియం బిళ్ల. మధ్యాహ్నం రెండు సజ్జరొట్టెలు. ఇంట్లో పింక్ ఉప్పు.

లెవోథైరాక్సిన్ ఖాళీ కడుపులోనే బాగా ఇంకుతుంది. కాల్షియం, ఇనుము దాన్ని పట్టుకుని పేగు గోడ దాటనివ్వవు. పీచు కూడా కొంత అడ్డుపడుతుంది. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ధాన్యాలన్నిటిలోనూ దీని దరిదాపుల్లోకి మరోటి రాదు. పాలు ఉన్నాయి, బిళ్ల ఉంది, పీచు ఉంది. మాత్రలో సగానికి సగం మలంలో పోయినా ఆశ్చర్యపోనక్కరలేదు. రాగి తప్పు కాదు, పది నిమిషాల ఎడం తప్పు. మాత్ర వేసుకున్నాక కనీసం అరగంట, వీలైతే గంట, మంచినీళ్లు తప్ప మరేమీ వద్దు. కాఫీ కూడా అంతే. కాల్షియం, ఇనుము బిళ్లలు నాలుగు గంటల తరవాత. పొద్దున్న అది కుదరని ఇళ్లలో, రాత్రి భోజనమైన మూడు గంటలకు పడుకునే ముందు మాత్ర వేసుకోవచ్చు. ఈ మార్పు డాక్టర్‌కు చెప్పి చేయాలి.

ఆ ఇల్లాలి రెండు సజ్జరొట్టెల లెక్క ఏమిటి? మాత్ర పూర్తిగా ఇంకితే అది పెద్ద విషయం కాదు. అయినా ఆమె గ్రంథిలో కొంత పని మిగిలి ఉండవచ్చు కాబట్టి, రోజూ సజ్జ బదులు వారంలో రెండు మూడు రోజులు సజ్జ, మిగతా రోజులు జొన్నరొట్టె గాని అన్నం గాని తినమంటాను. ఉప్పును వెంటనే అయోడైజ్డ్‌కు మార్చమంటాను. ఈ ఇంట్లో ఇంకో ప్రాణికి దాని అవసరం మరీ ఎక్కువ: పెళ్లయి గర్భంతో పుట్టింటికి వచ్చిన కూతురు. గర్భం మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి కావలసిన హార్మోన్ తల్లి థైరాయిడ్ నుంచే రావాలి. ఆ పిల్లకు మాత్ర లేదు, జబ్బూ లేదు, కానీ ఇంట్లో పింక్ ఉప్పు తింటోంది. క్యాబేజీ కూర ఆమెకు ఏ హానీ చేయదు. ఆ ఉప్పు చేయవచ్చు.

మార్పులన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదని కొందరు అడ్డుచెబుతారు. పరిశోధనలో అది నిజం. ఇక్కడ ఆమెకు కావలసింది ఆరోగ్యం కాబట్టి మాత్ర వేళను, ఉప్పును రెండింటినీ కలిపి సరిచేయాలి. క్యాబేజీ మాత్రం ఆమె తిరిగి తినడం మొదలుపెట్టవచ్చు. పరీక్షను తొందరపడి రెండు వారాల్లోనే చేయించకూడదు. ఈ హార్మోన్ ఒంట్లో నెమ్మదిగా మారుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, మాత్ర వేళ ఒక్కరోజూ తప్పకుండా ఉంచి, అప్పుడు టీఎస్‌హెచ్ చూడాలి. 8.6 కాస్తా 3 దగ్గరికి దిగి వస్తే మాత్ర మోతాదు పెంచే పనే ఉండదు. దిగకపోతే అప్పుడు డాక్టర్ 75ను 88కో 100కో పెంచుతారు. ఆ పెంపునకు కూడా మళ్లీ అదే ఆరు వారాల గడువు.